తాకట్టు ఉన్న అప్పుకూ లెక్క తప్పింది

2018 మే 22న దివాన్ హౌసింగ్ ఫైనాన్స్ కార్పొరేషన్ జనం నుంచి అప్పు తీసుకోవడానికి తలుపులు తెరిచింది. మార్కెట్‌లో డీహెచ్‌ఎఫ్‌ఎల్‌గా అందరికీ తెలిసిన పేరు అది. 1984లో పుట్టి, చిన్న పట్టణాల్లోని మధ్యతరగతి, దిగువ మధ్యతరగతి కుటుంబాలకు ఇంటి రుణాలిస్తూ దేశంలోని పెద్ద గృహరుణ సంస్థల్లో ఒకటిగా ఎదిగింది. ఒక్కొక్కటి 1,000 రూపాయల డిబెంచర్లు, ఏటా 9 శాతం దాకా వడ్డీ, మొత్తం 12,000 కోట్ల రూపాయల వరకు సేకరించే వీలు. రెండు రేటింగ్ సంస్థలు ట్రిపుల్ ఏ ఇచ్చాయి. అంతకంటే పై రేటింగ్ లేదు. పైగా అవి తాకట్టు ఉన్న డిబెంచర్లు, అంటే సెక్యూర్డ్. బ్యాంకు డిపాజిట్ల వడ్డీ తగ్గిపోయిందని వెతుక్కుంటున్న రిటైర్డ్ ఉద్యోగులకు ఇంతకంటే ఏం కావాలి?

ఆ ఇష్యూలో ఒకరు లక్ష రూపాయలు పెట్టి వంద డిబెంచర్లు కొన్నారనుకుందాం. అదే వారంలో ఇంకొకరు లక్ష రూపాయలతో స్టాక్ మార్కెట్‌లో అదే కంపెనీ షేర్లు కొన్నారనుకుందాం. అప్పటికి షేరు ధర 600 రూపాయలు దాటి ఉంది కనుక ఆయనకు నూట అరవై పైచిలుకు షేర్లు వచ్చి ఉంటాయి. డబ్బు ఒకే కంపెనీకి సంబంధించినదే అయినా ఈ ఇద్దరి స్థానం మొదటి రోజు నుంచే వేరు. ఆ తేడా ఏమిటో, ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో ఆ తర్వాత మూడేళ్లలో డీహెచ్‌ఎఫ్‌ఎల్ కథ దాదాపు పాఠ్యపుస్తకంలా చూపించింది.

షేరు కొన్నవాడు కంపెనీకి అప్పివ్వలేదు. కంపెనీలో భాగం తీసుకున్నాడు. ఆయన డబ్బు తిరిగి ఇస్తామని కంపెనీ ఎక్కడా రాసివ్వదు. లాభం వస్తే డైరెక్టర్లు సిఫారసు చేసినంత డివిడెండ్ వస్తుంది, వాళ్లు సిఫారసు చేయకపోతే అడిగే హక్కు లేదు. బదులుగా వార్షిక సమావేశంలో ఓటు ఉంటుంది, డైరెక్టర్లను ఎన్నుకునే అధికారం ఉంటుంది, కంపెనీ పెరిగితే ఆ పెరుగుదల అంతా వాటాదారులదే అవుతుంది. డిబెంచర్ కొన్నవాడు అప్పిచ్చినవాడు. లాభం వచ్చినా నష్టం వచ్చినా చెప్పిన తేదీన చెప్పిన వడ్డీ ఇవ్వాలి, గడువు తీరిన రోజు అసలు ఇవ్వాలి. కంపెనీ ఎంత లాభపడినా 9 శాతం 10 శాతం కాదు. ఓటు కూడా లేదు. 2013 కంపెనీల చట్టం 71వ సెక్షన్, ఓటు హక్కు ఉన్న డిబెంచర్లను ఏ కంపెనీ జారీ చేయకూడదని స్పష్టంగా చెబుతుంది. కొన్ని డిబెంచర్లు గడువు తీరాక షేర్లుగా మారతాయి. అలా మారనివే మార్కెట్‌లో ఎక్కువగా కనిపించే ఎన్‌సీడీలు. డీహెచ్‌ఎఫ్‌ఎల్‌వి ఆ రకమే.

కంపెనీ బాగున్నన్నాళ్లూ ఈ తేడా అంతగా కనిపించదు. ఇబ్బంది మొదలైనప్పుడే అసలు ప్రశ్న వస్తుంది. ఉన్న డబ్బు అందరికీ చాలకపోతే ఎవరు ముందు తీసుకోవాలి? ఈ వరుసను దివాలా చట్టం 53వ సెక్షన్ నిర్ణయించింది. ముందు దివాలా ప్రక్రియ ఖర్చులు. తర్వాత తాకట్టు ఉన్న రుణదాతలు, వారితో సమానంగా కార్మికులకు రావాల్సిన 24 నెలల బకాయిలు. ఆపైన ఇతర ఉద్యోగుల జీతాలు, తాకట్టు లేని ఆర్థిక రుణదాతలు, ప్రభుత్వానికి రావాల్సిన బకాయిలు. ఇవన్నీ తీరాక ప్రిఫరెన్స్ షేర్లు. చిట్టచివర మామూలు వాటాదారులు. ఈ వరుస కంపెనీని మూసేసి ఆస్తులు అమ్మినప్పుడు వర్తించేది. కంపెనీని ఇంకొకరు కొని నడిపించే పథకం వస్తే దాన్ని రుణదాతల కమిటీ తీర్మానిస్తుంది. అయినా ఆ బేరమంతా ఈ వరుసను గుర్తుపెట్టుకునే జరుగుతుంది.

డిబెంచర్‌దారులది వరుసలో ఏ స్థానం అనేది తాకట్టు మీద ఆధారపడుతుంది. సెక్యూర్డ్ అనే ఆ ఒక్క మాటను ఎక్కువమంది హామీగా చదువుకుంటారు. అది వరుసలో ముందు నిలబెట్టే హక్కు మాత్రమే. ఆ వరుసలో ముందు నిలబడ్డాక చేతికి ఏమొస్తుందనేది వేరే సంగతి.

తాకట్టు పెట్టే విధానం ఇలా ఉంటుంది. వేలమంది, ఒక్కోసారి లక్షలమంది డిబెంచర్‌దారులు ఉంటారు. కంపెనీ భూమినో భవనాన్నో రాబడినో ఒక్కొక్కరి పేర తాకట్టు రాయడం సాధ్యం కాదు. అందుకే వారందరి తరఫున ఒక ట్రస్టీని నియమిస్తారు. 500 మందికి మించి ఇచ్చే ఇష్యూకు ట్రస్టీ లేకుండా ప్రాస్పెక్టస్ జారీ చేయకూడదని చట్టం. ఈ ట్రస్టీ సెబీ వద్ద నమోదైన సంస్థ అయి ఉండాలి. 1993 నుంచి వీరికి సెబీ ప్రత్యేక నియమావళి అమలులో ఉంది. డీహెచ్‌ఎఫ్‌ఎల్ డిబెంచర్లకు ట్రస్టీ పుణె కేంద్రంగా పనిచేసే క్యాటలిస్ట్ ట్రస్టీషిప్.

కంపెనీకీ ట్రస్టీకీ మధ్య ట్రస్ట్ డీడ్ అనే ఒప్పందం ఉంటుంది. ఏ ఆస్తి తాకట్టు, దాని విలువ అప్పుకు ఎన్ని రెట్లు ఉండాలి, ఏం జరిగితే ఎగవేతగా లెక్కించాలి, అలా జరిగితే ట్రస్టీ ఏం చేయవచ్చు అన్నీ అందులో ఉంటాయి. మామూలుగా ఎగవేత జరిగితే గడువుతో పనిలేకుండా మొత్తం అసలును వెంటనే కట్టమని అడిగే అధికారం ట్రస్టీకి ఉంటుంది. ఆ తాకట్టును కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర 30 రోజుల్లోగా ఛార్జ్‌గా నమోదు చేయాలి. నమోదు చేయని ఛార్జ్‌ను కంపెనీ దివాలా తీసినప్పుడు లిక్విడేటర్ లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. కాగితం మీద తాకట్టు ఉన్నా ఆచరణలో లేనట్టే. అందుకే నమోదు అనేది గుమాస్తా పనిలా అనిపించినా తాకట్టుకు ప్రాణం అక్కడే ఉంది.

ట్రస్టీ పని ఇంతటితో అయిపోదు. తాకట్టు విలువ చెప్పినంత ఉందో లేదో ఎప్పటికప్పుడు చూడాలి. వడ్డీ సమయానికి వెళ్తోందో లేదో గమనించాలి. మిగిలిన ఆస్తులు అసలు తీర్చడానికి చాలవనో, త్వరలో చాలకుండా పోతాయనో అనుకుంటే, ఇక కొత్త అప్పులు చేయకుండా కంపెనీని కట్టడి చేయమని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. అసలు, వడ్డీ ఇవ్వకపోతే ట్రస్టీయే కాదు, డిబెంచర్‌దారుడు ఒక్కడే అయినా అదే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. విధుల్లో నిర్లక్ష్యం చేసినా ట్రస్టీకి బాధ్యత లేదని ఒప్పందంలో రాసుకోవడం చెల్లదు.

అయితే ఇందులో ఒక బలహీనత మొదటి నుంచీ ఉంది. ట్రస్టీ ఫీజు ఇచ్చేది డిబెంచర్‌దారులు కాదు, అప్పు తీసుకునే కంపెనీయే. ఏ సంస్థను ట్రస్టీగా పెట్టుకోవాలో నిర్ణయించేదీ కంపెనీయే. ఫీజు చిన్నది, కాపలా కాయాల్సిన మొత్తం వేల కోట్లలో. కోర్టుకు వెళ్లాలంటే లాయర్ల ఖర్చు ఎవరు పెడతారన్న ప్రశ్నకు చాలాకాలం స్పష్టమైన జవాబు లేదు. అందువల్ల ఎగవేత జరిగాక కూడా ట్రస్టీలు డిబెంచర్‌దారులు ఏమంటారో తెలుసుకుందామని ఎదురుచూడటం, డిబెంచర్‌దారులు ట్రస్టీ ఏం చేస్తాడో చూద్దామని ఎదురుచూడటం మామూలైపోయింది.

ఇక డీహెచ్‌ఎఫ్‌ఎల్ విషయానికి వస్తే, ఆ కంపెనీ తాకట్టుగా చూపినవి ప్రధానంగా దానికి రావాల్సిన బకాయిలు, అంటే ఇళ్లు కొన్నవాళ్లు నెలనెలా కట్టే వాయిదాలు. గృహరుణ సంస్థకు ఫ్యాక్టరీ ఉండదు, యంత్రాలు ఉండవు. ఇచ్చిన రుణాలే ఆస్తి. కనుక అవే తాకట్టు పెట్టడం సహజం. కానీ ఆ తాకట్టు డిబెంచర్‌దారులకు ఒక్కరికే కాదు. అదే బకాయిల మీద బ్యాంకులకూ మొదటి హక్కు ఉంది. ఇలా అందరికీ ఒకే స్థాయిలో ఉండే హక్కును మార్కెట్‌లో పారీ పాసు ఛార్జ్ అంటారు. ఒకరిని ముందు, ఒకరిని వెనుక నిలబెట్టకుండా, ఎవరికి ఎంత అప్పు ఉంటే ఆ నిష్పత్తిలో పంచుతారు. ఒక కొబ్బరి తోటను పదిమంది అన్నదమ్ములు ఉమ్మడిగా పంచుకోవడం లాంటిది. తోట పెద్దదే. కానీ కాయలు లెక్కపెట్టినప్పుడే ఒక్కొక్కరి వాటా తెలుస్తుంది.

2018 సెప్టెంబరులో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే మౌలిక వసతుల సంస్థ అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. దాంతో బ్యాంకులు కాని ఆర్థిక సంస్థలకు డబ్బు ఇచ్చేవాళ్లంతా ఒక్కసారిగా వెనక్కి తగ్గారు. సెప్టెంబరు 21న ఒక మ్యూచువల్ ఫండ్ తన దగ్గరున్న డీహెచ్‌ఎఫ్‌ఎల్ స్వల్పకాలిక రుణపత్రాలను మామూలు కంటే ఎక్కువ రాబడి రేటుకు, అంటే తక్కువ ధరకు, అమ్మేసిందన్న వార్త బయటికి వచ్చింది. ఆ ఒక్కరోజే కంపెనీ షేరు 40 శాతానికి పైగా పడిపోయి 350 రూపాయల దగ్గరకు చేరింది. మన లక్ష రూపాయల వాటాదారు డబ్బు అక్కడికే దాదాపు సగం తరిగింది. డిబెంచర్‌దారుకు అప్పటికి ఏమీ కాలేదు. వడ్డీ తేదీ ఇంకా రాలేదు, కంపెనీ మాట తప్పలేదు.

ఇలా షేరు ముందు పడటం, డిబెంచర్ తర్వాత పడటం దాదాపు ప్రతి కంపెనీ పతనంలో కనిపిస్తుంది. షేరు ధర రేపటి లాభం మీద నడుస్తుంది కనుక అనుమానం రాగానే పడుతుంది. డిబెంచర్‌ను మాత్రం చాలామంది కొని డీమ్యాట్ ఖాతాలో పెట్టి మరచిపోతారు. ఎక్స్ఛేంజ్‌లో దాని ధర ముఖ విలువ కంటే బాగా తగ్గి, రాబడి రేటు మార్కెట్ కంటే బాగా పైన కనిపిస్తోందంటే, ఆ కంపెనీ గురించి ఎవరో ఏదో తెలుసుకున్నారని అర్థం. ఆ సంకేతాన్ని చవకగా దొరుకుతోందనుకుని కొన్నవాళ్లు చాలా నష్టపోయారు.

2019 జనవరిలో కోబ్రాపోస్ట్ అనే వార్తా వెబ్‌సైట్, డీహెచ్‌ఎఫ్‌ఎల్ ప్రమోటర్లకు సంబంధించిన బోగస్ కంపెనీలకు రుణాల పేరుతో భారీగా నిధులు వెళ్లాయని ఆరోపించింది. కంపెనీ ఖండించింది. 2019 జూన్ 4న డిబెంచర్ల వడ్డీ చెల్లించాల్సిన తేదీ వచ్చింది. ఆ రోజు చెల్లించలేకపోయింది. మరుసటి రోజుకే రేటింగ్ సంస్థలు దాని రేటింగ్‌ను డి స్థాయికి, అంటే ఎగవేత స్థాయికి దించాయి. ఇష్యూ రోజుల్లో ట్రిపుల్ ఏ ఉన్న కంపెనీకి ఏడాదిలో డి. ఆ వడ్డీని కొద్దిరోజుల ఆలస్యంతో చెల్లించింది కానీ తర్వాత చెల్లింపులు ఆగిపోయాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అప్పటికి డిబెంచర్‌దారుల తరఫున ట్రస్టీ ఉన్నా, ఒక మ్యూచువల్ ఫండ్ సంస్థ తనే స్వయంగా బాంబే హైకోర్టుకు వెళ్లింది. 2019 అక్టోబరులో కోర్టు డీహెచ్‌ఎఫ్‌ఎల్ ఇష్టమొచ్చిన రుణదాతకు చెల్లింపులు చేయకుండా ఆంక్ష పెట్టింది. తాకట్టు ఉన్నవారికి చెల్లిస్తే వారి వారి వాటా ప్రకారమే చెల్లించాలని చెప్పింది. పారీ పాసు ఛార్జ్‌కు ఆచరణలో అర్థం అదే. కంపెనీ తనకు నచ్చిన బ్యాంకుకు ముందు కట్టేసి, మిగిలినవాళ్లను నిలబెట్టే వీలు లేదు. కానీ దాన్ని అమలు చేయించుకోవడానికి ఎవరో ఒకరు కోర్టు గుమ్మం ఎక్కాలి. లాయర్లకు ఖర్చు పెట్టగల పెద్ద సంస్థకు అది సాధ్యం. వంద డిబెంచర్లున్న కుటుంబానికి కాదు.

2019 నవంబరు 20న రిజర్వ్ బ్యాంకు డీహెచ్‌ఎఫ్‌ఎల్ బోర్డును రద్దు చేసి, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు మాజీ అధిపతి ఆర్. సుబ్రమణియకుమార్‌ను నిర్వాహకుడిగా నియమించింది. డిసెంబరు 3న ముంబై ట్రిబ్యునల్ దివాలా పిటిషన్‌ను స్వీకరించింది. ఈ చట్టం కింద దివాలా ప్రక్రియకు వెళ్లిన మొదటి ఆర్థిక సంస్థ ఇదే. అప్పులిచ్చిన వాళ్లందరినీ క్లెయిములు ఇవ్వమని పిలిచారు. ఆర్థిక రుణదాతల క్లెయిములు మొత్తం 87,000 కోట్లు దాటాయి. అందులో డిబెంచర్‌దారుల తరఫున ట్రస్టీ వేసిన క్లెయిమే దాదాపు 45,000 కోట్లు, అంటే సగానికి పైగా. స్టేట్ బ్యాంకు వంటి పెద్ద రుణదాతల క్లెయిమ్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

కనుక రుణదాతల కమిటీలో అతిపెద్ద గొంతు డిబెంచర్‌దారులదే. కానీ ఆ గొంతు ట్రస్టీ నోట వినపడుతుంది. ట్రస్టీ తన సొంత అభిప్రాయంతో ఓటు వేయడు. తాను ప్రాతినిధ్యం వహించేవాళ్లలో ఓటు వేసినవారి విలువలో సగానికి మించి ఏమంటే అది అందరి తరఫునా వేస్తాడు. దీనివల్ల పని జరుగుతుంది. కానీ 49 శాతం మంది వద్దన్నా, ఆ 49 శాతం ఓటు కూడా ఔనన్నవారి వైపే పడుతుంది. పెద్ద బ్యాంకులు, ఫండ్లు, బీమా సంస్థల లెక్కల్లో సరిపోయిన పథకానికి చిన్నవాళ్ల సంతకం కూడా అలా చేరిపోతుంది.

ఇక తాకట్టు సంగతి. 2021 మార్చిలో సీబీఐ నమోదు చేసిన కేసులో, బాంద్రాలో లేని ఒక శాఖ పేరుతో 2.6 లక్షల బోగస్ గృహరుణ ఖాతాలు సృష్టించారని, వాటి విలువ 14,000 కోట్లకు పైగా ఉందని ఆరోపించింది. నిర్వాహకుడు నియమించిన ఆడిటర్లు మోసపూరితమని తేల్చిన లావాదేవీల మొత్తం ఇంకా పెద్దది. డిబెంచర్‌దారుల తాకట్టు ఆ బకాయిలే కదా. కట్టాల్సిన మనిషే లేని బకాయి కాగితం మీద ఆస్తి. దాని మీద రాసిన ఛార్జ్ చట్టప్రకారం నమోదై ఉండవచ్చు, ట్రస్ట్ డీడ్ పక్కాగా ఉండవచ్చు, విలువ అప్పుకు సరిపోతుందని సర్టిఫికెట్ ఉండవచ్చు. వసూలు చేయడానికి వెళ్తే ఇల్లు ఉండదు, వాయిదా కట్టేవాడు ఉండడు. ఫ్యాక్టరీ తాకట్టయితే ఎవరో ఒకరు వెళ్లి కళ్లతో చూడవచ్చు. లక్షల రుణఖాతాల తాకట్టును కళ్లతో చూడటం సాధ్యం కాదు. కంపెనీ ఇచ్చిన జాబితాను నమ్మాల్సిందే. డీహెచ్‌ఎఫ్‌ఎల్‌లో డిబెంచర్‌దారులకు జరిగిన అన్యాయం మూలం ఇక్కడే ఉంది.

2021 జనవరిలో పిరమల్ గ్రూప్ పథకాన్ని రుణదాతలు దాదాపు 94 శాతం ఓట్లతో ఆమోదించారు. 2021 జూన్ 7న ముంబై ట్రిబ్యునల్ దానికి పచ్చజెండా ఊపింది. సెప్టెంబరు చివరికి కంపెనీ చేతులు మారింది. పిరమల్ ఇచ్చింది సుమారు 34,250 కోట్లు. అందులో దాదాపు 14,700 కోట్లు నగదు. మిగిలిన 19,550 కోట్ల మేర కొత్త డిబెంచర్లు, పదేళ్ల గడువు, 6.75 శాతం వడ్డీ. కంపెనీలో ముందే ఉన్న నగదుతో కలిపితే రుణదాతలకు వచ్చింది దాదాపు 38,000 కోట్లు. 87,000 కోట్ల క్లెయిములతో పోలిస్తే నూటికి నలభై నాలుగు రూపాయలు. అది అందరి సగటు. ఎవరి తరగతిని బట్టి వారికి హెచ్చుతగ్గులు ఉన్నాయి.

ఇప్పుడు వరుస ఎక్కడ పనిచేసిందో చూడాలి. తాకట్టు లేని ఫిక్స్‌డ్ డిపాజిట్‌దారుల క్లెయిములు 5,000 కోట్లు దాటి ఉండగా, వారికి మొత్తం మీద నాలుగో వంతు కూడా దక్కలేదు. మామూలు కుటుంబాల డబ్బే అది. డిపాజిట్ అన్న పేరు వల్ల చాలామంది దాన్ని డిబెంచర్ కంటే భద్రమనుకున్నారు. గృహరుణ సంస్థ డిపాజిట్‌కు బ్యాంకు డిపాజిట్‌కు ఉండే బీమా లేదు. తాకట్టు కూడా లేదు. దివాలా వరుసలో తాకట్టు ఉన్న డిబెంచర్‌దారు వెనకే నిలబడాలి. ఒకే కంపెనీ, ఒకే మోసం, ఒకే కొనుగోలుదారు. తేడా అంతా తాకట్టు వల్ల వచ్చింది.

వాటాదారులకు సున్నా. పథకం ప్రకారం పాత షేర్లన్నీ రద్దయ్యాయి, షేరును స్టాక్ ఎక్స్ఛేంజ్‌ల నుంచి తొలగించారు. బాధ కలిగించేది ఏమిటంటే, ట్రిబ్యునల్ ఆమోదం వచ్చిన రోజుల్లో కూడా ఎంతోమంది చిన్న మదుపరులు ఆ షేరును 20 రూపాయల చుట్టుపక్కల కొంటూనే ఉన్నారు. పిరమల్ వస్తోంది కనుక షేరు పెరుగుతుందని వారి నమ్మకం. కంపెనీని కొనేవాడికి కావలసింది వ్యాపారం, పాత వాటాదారులు కాదు. రుణదాతలకే నలభై నాలుగు రూపాయలు దక్కుతుంటే వారి వెనుక ఉన్న వాటాదారుకు మిగిలేదేమీ ఉండదని దివాలా వరుస చూస్తేనే తెలిసిపోయేది. ఆ మాట గట్టిగా చెప్పేవాళ్లు వారికి అప్పుడు దొరకలేదు.

కథ ఇంకా ముగియలేదు. డీహెచ్‌ఎఫ్‌ఎల్ నుంచి మోసపూరితంగా తరలిపోయిన డబ్బు ఎప్పటికైనా వసూలైతే ఎవరికి చెందాలి అన్న ప్రశ్న మిగిలింది. పథకంలో ఆ వసూళ్లకు కట్టిన విలువ ఒక్క రూపాయి. అవి వస్తే ప్రధానంగా పిరమల్‌కే చెందుతాయి. డిబెంచర్లు కొన్న 63 మూన్స్ టెక్నాలజీస్ అనే కంపెనీ దీన్ని సవాలు చేసింది. మోసపోయింది రుణదాతలు, కనుక తిరిగి వచ్చేది వారికే రావాలన్నది దాని వాదన. 2022 జనవరిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ ఆ వాదనతో ఏకీభవించి ఆ అంశాన్ని కమిటీకి తిప్పిపంపింది. 2025 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చి పిరమల్ పథకాన్నే నిలబెట్టింది. అత్యధిక రుణదాతలు వ్యాపార దృష్టితో తీసుకున్న నిర్ణయాన్ని తిరగరాయడం కోర్టు పని కాదంది. చట్టప్రకారం అది బలమైన తీర్పే. కానీ మోసం వల్ల నష్టపోయినవాడికి ఆ మోసం సొమ్ము మీద హక్కు ఉండదన్న ఫలితాన్ని మాత్రం ఒక మామూలు డిబెంచర్‌దారుకు వివరించి ఒప్పించడం కష్టం.

ఇలాంటి ఘటనల తర్వాత 2020 చివరి నెలల్లో సెబీ ట్రస్టీల నిబంధనలను బాగా బిగించింది. తాకట్టు పెట్టబోయే ఆస్తి ఉందో లేదో, దాని మీద ఇప్పటికే ఎవరి ఛార్జ్ ఉందో ట్రస్టీ ఇష్యూకు ముందే స్వతంత్రంగా పరిశీలించాలి. కోర్టు ఖర్చుల కోసం కంపెనీ ఎక్స్ఛేంజ్ దగ్గర ముందుగానే ఒక నిధి జమ చేయాలి. ఇష్యూ మొత్తంలో 0.01 శాతం, గరిష్ఠంగా 25 లక్షలు. ఎగవేత జరిగితే మూడు రోజుల్లోగా మదుపరులకు నోటీసు, ముప్పై రోజుల్లోగా సమావేశం. రుణ పునర్వ్యవస్థీకరణలో చేరాలంటే విలువలో 75 శాతం, సంఖ్యలో 60 శాతం మంది ఒప్పుకోవాలి. సంఖ్య లెక్క కూడా ఉండటం ముఖ్యం. ఒకటి రెండు పెద్ద ఫండ్లు విలువ బలంతో చిన్నవారి తరఫున అన్నీ తేల్చేయకుండా అది కొంత అడ్డుపడుతుంది.

తాకట్టు ఇంకో రూపంలో కూడా ఉంటుందని తెలుగు పాఠకులకు దగ్గరి ఉదాహరణే ఉంది. 2018 ఆగస్టులో ఏపీ రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ అమరావతి కోసం 2,000 కోట్ల రూపాయల బాండ్లు జారీ చేసింది. వడ్డీ 10.32 శాతం. వాటి వెనుక రాష్ట్ర ప్రభుత్వ హామీ ఉంది. ఇలాంటి బాండ్లలో చూడాల్సింది భూమి విలువ కాదు, హామీ ఇచ్చినవారి బడ్జెట్, చెల్లింపు డబ్బును ముందే ప్రత్యేక ఖాతాలో జమ చేసే ఏర్పాటు ఉందా లేదా అన్నది.

డిబెంచర్ ఇష్యూ ప్రకటన కనిపించినప్పుడు వడ్డీ రేటు తర్వాత మొదట చూడాల్సింది ఆఫర్ పత్రంలో తాకట్టు గురించి రాసిన భాగం. తాకట్టు ఏమిటి, మొదటి ఛార్జా రెండోదా, ఇంకెవరితో పంచుకుంటున్నారు, విలువ అప్పుకు ఎన్ని రెట్లు ఉంచుతామన్నారు? తాకట్టు లేని సబార్డినేటెడ్ డిబెంచర్లు కూడా అదే కంపెనీ, దాదాపు అదే వడ్డీకి జారీ చేస్తుంది. పేరు చివరన ఆ మాట ఉందో లేదో వెతకాలి. ఆ కంపెనీ మీద ఎన్ని ఛార్జ్‌లు నమోదయ్యాయో కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. తాకట్టు విలువ సర్టిఫికెట్లు, రేటింగ్ మార్పులు ట్రస్టీ వెబ్‌సైట్‌లో, ఎక్స్ఛేంజ్ ప్రకటనల్లో కనిపిస్తాయి. రేటింగ్ ఒక మెట్టు దిగినప్పుడే కారణం చదవడం మంచిది. డి వచ్చేదాకా ఆగితే అప్పటికే అమ్మడానికి కొనేవాడు ఉండడు.

ఇంకో చిన్న పని చాలామంది చేయరు. ట్రస్టీ పంపే సమావేశ నోటీసులు, ఓటు కోరే ఉత్తరాలు డీమ్యాట్ ఖాతాలో నమోదైన ఈమెయిల్‌కు, చిరునామాకు వస్తాయి. కొన్నప్పటి నుంచి ఇల్లు మారి, ఫోన్ నంబరు మారి, పాత ఈమెయిల్ వాడటం మానేసినవాళ్లకు ఆ నోటీసు చేరదు. ఓటు వేసినవారి మెజారిటీయే అందరి నిర్ణయమవుతుంది కనుక, చేరని నోటీసుకు మౌనమే జవాబు. బ్రోకర్ దగ్గర ఆ వివరాలు సరిచేసుకోవడం పది నిమిషాల పని. కుటుంబంలో పెద్దవాళ్ల పేర డిబెంచర్లు ఉంటే వారి ఖాతాలో నామినీ, ఈమెయిల్, మొబైల్ నంబరు ఏవి ఉన్నాయో పిల్లలు ఒకసారి అడిగి చూడాలి.